ఇంట్లో వెంట్రుకలు తీయడానికి ఐపీఎల్ మేలా, లేజరా?

ఐపీఎల్ అంటే ఫ్లాష్‌లా కాంతిని కొట్టే పరికరం. అదైనా, లేజరైనా గురిపెట్టేది ఒక్కదాన్నే, వెంట్రుకలోని మెలనిన్‌ని. ఆ నల్లరంగు కాంతిని పీల్చుకుని వేడెక్కితే కుదురు దెబ్బతింటుంది. చిక్కేమిటంటే చర్మంలోనూ ఉన్నది ఆ మెలనినే. అందుకే ఒంటిరంగుకీ వెంట్రుక రంగుకీ తేడా ఎంత ఎక్కువుంటే ఫలితం అంత బాగుంటుంది. నెరిసినవి, ఎర్రనివి, లేత బంగారు రంగువి అయితే డబ్బు ఖర్చు పెట్టకండి. రెండూ పనిచేయవు.

ఐపీఎల్ అసలు లేజర్ కాదు, రకరకాల తరంగాలు కలిసిన ఫ్లాష్. వాటిలో పొట్టి తరంగాలు చర్మం పైపొరలోనే ఇంకి, ముదురు రంగువారిని కాలుస్తాయి. ఇంటి డయోడ్ లేజర్‌ది 810 నానోమీటర్ల ఒకే తరంగం, కాస్త లోతుకి దిగుతుంది. అలాగని అది ముదురు చర్మానికి క్షేమం అనుకోవద్దు. శక్తి ఎక్కువ, నొప్పీ ఎక్కువే. సాధారణంగా తెలుపు నుంచి మధ్యస్థ గోధుమ రంగు వరకే రెంటికీ అనుమతి. గాఢమైన నలుపైతే ఇంటి పరికరాలు మానేసి, క్లినిక్‌లో 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ గురించి అడగాలి.

మీది చామనఛాయ, నల్లటి దట్టమైన వెంట్రుకలు, తీయాల్సింది పిక్కల మీద అనుకుందాం. ఇక్కడ నా ఓటు ఐపీఎల్‌కే. దాని కాంతి వచ్చే కిటికీ పెద్దది, రెండు కాళ్లూ త్వరగా అయిపోతాయి. లేజర్ కొన సుమారు సెంటీమీటరే, ఓపిక ఉండాలి. ముందురోజు షేవింగ్ చేయండి. వ్యాక్సింగ్ చేస్తే వెంట్రుక వేరుతో సహా ఊడిపోయి కాంతికి లక్ష్యం మిగలదు. పరికరంలోని ఒంటిరంగు సెన్సర్‌తో పిక్కనీ మోకాలినీ విడిగా చూడండి. మోకాలు ముదురుగా ఉంటే అక్కడ వేరే లెవెల్ పెట్టాలి, లేదా వదిలేయాలి. అతి తక్కువ లెవెల్‌లో ఒకచోట వేసి, ఒకటి రెండు రోజులు ఆగండి. కాస్త ఎరుపెక్కి కొద్ది గంటల్లో తగ్గితే సరే. పొక్కో, గోధుమ మచ్చో వస్తే అక్కడితో ఆపేయండి. ఎండకి కమిలిన చర్మం మీద అసలే వద్దు. పుట్టుమచ్చలు, పచ్చబొట్లు, కళ్ల చుట్టూ కూడా వద్దు.

ఎదుగుదల దశలో ఉన్న వెంట్రుకే దెబ్బతింటుంది కాబట్టి ఒక్కసారితో తీరదు. రెండు వారాలకోసారి చొప్పున రెండు మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత పలచబడతాయి, సన్నబడతాయి, ఎక్కడో మొండివి మిగులుతాయి. మానేస్తే మెల్లగా తిరిగొస్తాయి, అందుకే నెలకో రెండు నెలలకో మళ్లీ వేయాల్సి వస్తుంది.

గడ్డం కింద నూగు మాత్రం వేరే సంగతి. చిన్న కొన వల్ల ఆ చోటికి లేజరే వాటం. కానీ అక్కడ తక్కువ శక్తి తగిలిన కుదుళ్లు చావకపోగా, ఒక్కోసారి చురుకై నూగు కాస్తా మందపు వెంట్రుకగా మారుతుంది. పీసీఓఎస్ ఉన్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. హార్మోన్లు కొత్తవాటిని తెస్తూనే ఉంటాయి కనుక, వాళ్లు ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి.