చదువంటే విసుగెత్తిన డిస్లెక్సియా పిల్లలకు ‘హై-లో’ పుస్తకాలు: చాలాకాలం వాడాక సమీక్ష

డిస్లెక్సియా అనే చదివే ఇబ్బంది వల్ల, పుస్తకం కనబడగానే “ఎన్ని పేజీలు?” అని అడిగే స్థితికి వచ్చిన పిల్లలకు ఏది ఇవ్వాలంటే, రకరకాలవి వాడి చూశాక నా ఓటు ‘హై-లో’ పుస్తకాలకే. వీటిలో కథ పిల్లల వయసుకు తగినట్టు, భాష వాళ్లు చదవగలిగే స్థాయికి తగినట్టు ఉంటుంది. పదేళ్ల పాప ఏడేళ్ల స్థాయిలో చదువుతోందనుకోండి. చిన్నపిల్లల కుందేలు కథ ఇస్తే చదవగలదు, కానీ ముట్టుకోదు. తోటివాళ్లు చదివే నవల ఇస్తే ఆశగా తీసుకుంటుంది, రెండో పేజీలో మూసేస్తుంది. రెండిట్లోనూ దెబ్బ తినేది తన మీద తనకున్న నమ్మకమే.

ఇంగ్లీషులో ఇలాంటివి కావలసినన్ని దొరుకుతాయి. ఎడిన్‌బరోలో 1998లో మొదలైన బారింగ్టన్ స్టోక్ ప్రచురణలు ఇందుకు పేరుపడ్డవి. పేరున్న రచయితల చేత చిన్న నవలలు రాయించి, ఆసక్తి వయసు, చదివే వయసు విడివిడిగా చెబుతారు. కాగితం మీగడ రంగులో, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడనంత మందంగా ఉంటుంది. పుస్తకం పల్చన, కానీ చూడ్డానికి పెద్దపిల్లల నవలే. ఈ చివరిది చిన్న విషయం కాదు. అట్ట మీద పెద్దగా ‘లెవెల్ 2’ అని ముద్ర ఉన్న పుస్తకం సంచిలోంచి బయటికి రాదు.

ఇక అక్షరాల సంగతి. డిస్లెక్సియా కోసమే తయారుచేశామని చెప్పే ఫాంట్ల మీద నాకు పెద్ద గురి లేదు. అలాంటి ఓపెన్‌డిస్లెక్సిక్ ఫాంటు మీద జరిగిన పరీక్షల్లో చదివే వేగం గానీ, తప్పులు గానీ మెరుగుపడినట్టు తేలలేదు. అక్షరాల మధ్య ఎడం పెంచడం మాత్రం పనికొస్తుంది. 2012లో ఇటాలియన్, ఫ్రెంచి పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఎడం పెంచగానే వేగం పెరిగింది, తప్పులు తగ్గాయి. కాబట్టి షాపులో చూడాల్సింది ఫాంటు పేరు కాదు. అక్షరం 12 నుంచి 14 పాయింట్లు ఉందా, వరసల మధ్య ఒకటిన్నర వంతు ఖాళీ ఉందా, కుడి అంచు సమంగా కోసినట్టు కాకుండా వదులుగా ఉందా అన్నవి చూడాలి. కుడి అంచు సమం చేసిన పేజీలో మాటల మధ్య సందులు ఒక్కో వరసలో ఒక్కోలా సాగుతాయి, కన్ను అక్కడే తప్పిపోతుంది.

తెలుగు పుస్తకమైతే వరసల ఎడం ఇంకా ముఖ్యం. పై వరస ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరస గుడులు పైకి లేస్తాయి. వరసలు ఇరుకైతే ఏ గుర్తు ఏ అక్షరానిదో తెలియదు. దానికి తోడు మన లిపిలో ఇంకో చిక్కు ఉంది. ‘శక్తి’లో గుడి కంటికి ‘క’ మీద కనిపిస్తుంది, నోటికి మాత్రం ‘త’ తర్వాత పలుకుతుంది. కనబడిన వరసలో చదివే పిల్ల దాన్ని ‘శకిత’ అంటుంది. అది అజాగ్రత్త కాదు, గుర్తున్న చోటుకీ పలికే చోటుకీ పొంతన లేకపోవడం. అందుకే తెలుగు పుస్తకం ఎంచేటప్పుడు నేను పేజీల కన్నా సంయుక్తాక్షరాలు ముందు లెక్కపెడతాను. ‘అంతరిక్షనౌక కక్ష్యలోకి ప్రవేశించింది’ మూడే మాటలు, కానీ ‘క్ష’, ‘క్ష్య’, ‘ప్ర’ వరసగా ఎదురవుతాయి. ‘నౌక భూమి చుట్టూ తిరగసాగింది’ అంటే అదే సంగతి చులాగ్గా నడుస్తుంది. ‘ట్ట’, ‘ప్ప’ లాంటి ద్విత్వాల్లో ఒకే శబ్దం కాబట్టి త్వరగానే పట్టుబడతాయి. వాక్యానికి రెండు మించి సంయుక్తాలు కనబడుతూ పోతే ఆ పుస్తకం పక్కన పెట్టండి, బొమ్మలు ఎంత బాగున్నా సరే.

తెలుగులో పెద్దపిల్లల కోసం రాసిన హై-లో నవలలు నాకు కనబడ్డవి తక్కువ. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 1 నుంచి 4 స్థాయిల్లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ జంతువులు, విజ్ఞానం మీద ఉన్న కథలు ఎంచుకుంటే మేలు. నిజం విషయాల పుస్తకం సులువుగా రాసినా పసిపిల్లలదిగా అనిపించదు.

కొనేముందు ఒక పరీక్ష చేయాలి. మొదటి పేజీ కాదు, మధ్యలో ఏదో ఒక పేజీ తీయండి, మొదటి పేజీని రచయితలు తరచూ తేలిగ్గా రాస్తారు. ఇంగ్లీషైతే 100 మాటలు చదివించి, తప్పులూ ఆగిపోయిన చోట్లూ మనసులోనే లెక్కపెట్టాలి. అయిదు లోపైతే ఒంటరిగా చదవనివ్వచ్చు. అయిదు నుంచి పది దాకా అయితే పక్కన కూర్చుని చదివించాలి. పది దాటితే ఆ పుస్తకం మనం చదివి వినిపించడానికే. తెలుగు మాటలు పొడుగు కాబట్టి 50 మాటలు చాలు, లెక్క సగం చేసుకోండి. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోవద్దు. ‘తాబేలు’ అని ఉన్నచోట బొమ్మ చూసి మొదటి అక్షరంతో ఊహించేస్తే స్థాయి ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది.

సముద్ర జీవులంటే ఇష్టపడే పదేళ్ల పాప విషయమే తీసుకుందాం. స్థాయికి తగిన సాహస కథ దొరికింది, పరీక్షలో నాలుగు తప్పులే. అయినా రెండో అధ్యాయంలో పుస్తకం మూతపడుతుంది. ఇలాంటప్పుడు ఎక్కువసార్లు కారణం పేర్లు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు అర్థాన్ని పట్టుకుని ఊహించేవి కావు, ప్రతిసారీ అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి, పైగా పేజీకి పదిసార్లు వస్తాయి. మందు సులువైనదే. మొదలుపెట్టకముందే ఆ అయిదారు పేర్లు ఒక అట్టముక్క మీద పెద్దగా రాసి, పలికించి, దాన్నే పేజీగుర్తుగా ఇవ్వాలి. మొదటి అధ్యాయం మనం చదివి వినిపించాలి. ఆడియో ఉంటే వేగం 0.8 దగ్గర పెట్టి, పేజీ చూస్తూ విననివ్వాలి. పేజీ తిప్పడం ఆలస్యమవుతోందంటే చూపు అక్షరం మీద లేదు, గొంతు మీదే ఉంది, ఇంకాస్త తగ్గించండి.

ఇందుకే విడి పుస్తకాల కన్నా వరస పుస్తకాలకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రెండో భాగంలో అవే పేర్లు, అవే మాటలు. కథ కొత్తది, కష్టం పాతది. “ఇది నేనే చదివేశాను” అనే మాట ఎక్కువగా వినబడేది రెండో పుస్తకం దగ్గరే.

కామిక్స్ గురించి రెండు మాటలు. మాటలు తక్కువని ఇచ్చేస్తాం గానీ, ఇంగ్లీషు కామిక్స్‌లో చాలావాటికి అన్నీ పెద్దక్షరాలే, మాట ఆకారం గుర్తుపట్టే వీలు ఉండదు. గళ్ల వరస కూడా కొందరికి తికమకే. మామూలు చిన్నక్షరాలతో, పేజీకి ఆరు గళ్లు మించనివైతే బాగా పనిచేస్తాయి.

లోటు కూడా చెప్పాలి. ఈ పుస్తకాలు చదవడం నేర్పవు. శబ్దాన్నీ అక్షరాన్నీ క్రమంగా కలిపి నేర్పే పాఠం వేరే జరుగుతూ ఉండాలి, దాంట్లో నేర్చింది ఖర్చుపెట్టుకునే చోటు మాత్రమే ఇది. ఆ పాఠం లేకపోతే ఏడాది తర్వాత కూడా పాప అదే స్థాయి పుస్తకాల దగ్గర ఉంటుంది.

స్థాయి పెంచడానికి వరసగా రెండు పుస్తకాల్లో 100కి అయిదు తప్పులు దాటకపోవడం గుర్తు. పెంచేటప్పుడు ఒక్కటే మార్చండి. భాష కాస్త బరువైతే పుస్తకం మందం, అక్షరం పరిమాణం పాతవే ఉంచాలి. అక్షరం చిన్నదైతే భాష పాతదే ఉంచాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది అడ్డుపడిందో మనకు తెలియదు, పాప మళ్లీ పేజీలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది.