డెమో డే పిచ్ స్క్రిప్ట్ బయట రాయించుకుంటున్నారా? వైజాగ్ స్టార్టప్ వాళ్లు డబ్బు కట్టేముందు చూడండి

డెమో డేకి మూడు నిమిషాల పిచ్ వీడియో స్క్రిప్ట్ రాసిస్తామంటూ మన ఊళ్లో తిరుగుతున్న ఒక టీమ్‌తో మాకు జరిగింది ఇది. పేరు చెప్పను, పని తీరు చెప్తే చాలు, తగిలితే మీకే తెలుస్తుంది.

మాది ఫిషింగ్ హార్బర్ నుంచి హోటళ్లకి చేపలు, రొయ్యలు పంపే చిన్న యాప్. 15 వేలు మొత్తం ముందే కట్టించుకుని ఇంగ్లీషులో 640 పదాల స్క్రిప్ట్ పంపారు. ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా మాట్లాడితే నిమిషానికి 130, 140 పదాలు వస్తాయి, అంటే మూడు నిమిషాలకి 400 దగ్గర ఆగాలి. అదే అడిగితే "ఎడిటింగ్‌లో స్పీడ్ పెంచేద్దాం సార్" అన్నారు! పైగా సగం స్క్రిప్ట్ సముద్రం మీద సూర్యోదయం, జాలర్ల కష్టాలే. మా యాప్ ఏం చేస్తుందో రెండో నిమిషంలో గానీ రాదు.

అది కత్తిరించుకోవచ్చు. అంకెల సంగతి అలా కాదు. హోటళ్లు మా ద్వారా నెలకి 18 లక్షల సరుకు కొంటాయి, అందులో మా కమిషన్ 8 శాతం, అంటే మా ఆదాయం 1.44 లక్షలు. వీళ్లు "నెలకి 18 లక్షల రెవెన్యూ" అని రాసేశారు. ఆ మాట ఫౌండర్ నోటితో రికార్డయ్యాక ఇన్వెస్టర్ జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగితే సమాధానం చెప్పుకోవాల్సింది మనమే, స్క్రిప్ట్ రాసినవాళ్లు కాదు.

గ్రాఫ్ ఇంకా ఘోరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ మా ఆర్డర్లు పడిపోతాయి, హార్బర్ తెలిసిన ఎవరికైనా ఇది తెలుసు. అది కనపడకుండా నెలవారీ లెక్క తీసేసి మొదటి రోజు నుంచి వచ్చిన ఆర్డర్లన్నీ కూడుతూ పోయే గీత పెట్టారు. కూడికలో గీత ఎప్పటికీ కిందకి దిగదు కదా, వ్యాపారం సగం పడిపోయినా పైకే పోతుంది. ఆ గుంట చూపించి, నిషేధంలో చెరువు రొయ్యలతో ఎంత నడిపామో ఒక్క వాక్యం చెప్తే మాకే మేలు. అలాగే మార్చుకున్నాం.

చివర్లో అడిగింది "60 లక్షలు కావాలి, మా ప్రయాణంలో చేరండి" అని, అంతే. ఎన్ని నెలలకి, దేనికి, దాంతో ఎక్కడికి చేరతాం అన్నది లేదు. వాటా శాతం వీడియోలో లేకపోయినా ఫర్వాలేదు, అది బేరంలో తేలుతుంది. మేం "60 లక్షలు, 18 నెలలు, రెండు ఫ్రీజర్ వ్యాన్లు, కాకినాడలో రెండో హబ్, నెలకి 5 లక్షల కమిషన్" అని రాసుకుంటే పదిహేను సెకన్లలో అయిపోయింది.

తప్పులు సరిచేయమంటే ఒక్కో మార్పుకి 2 వేలు అదనం అన్నారు, రిఫండ్ అడిగాక ఫోన్ ఎత్తడం లేదు. మీరు ఎవరితో మాట్లాడినా సగమే అడ్వాన్స్ ఇవ్వండి, స్టాప్‌వాచ్ పెట్టి వాళ్లనే పైకి చదివి వినిపించమనండి, మార్పులు ఎన్నిసార్లు ఫ్రీయో వాట్సాప్‌లో రాయించుకోండి.