కొండల చలికి ఏది మేలు: యాంటీ జెల్ డబ్బానా, వింటర్ డీజిలా?

డిసెంబరు దగ్గరపడితే బెజవాడ, గుంటూరు నుంచి హిమాచల్‌లోని కాజా, లద్దాఖ్‌లోని లేహ్ వైపు డీజిల్ బండి తీసేవాళ్లు అడిగేది ఒకటే: డీజిల్ చలికి గడ్డకట్టకుండా కలిపే మందు, అదే యాంటీ జెల్ డబ్బా, ఇక్కడే కొనుక్కుని వెళ్లాలా, లేక అక్కడ వింటర్ డీజిల్ పోయించుకుంటే చాలా? లంబసింగి దాకా వెళ్లొచ్చేవాళ్లకు మామూలుగా రెండూ అక్కర్లేదు.

తేల్చేది ట్యాంకులో అప్పటికే మిగిలిన డీజిల్. బీఐఎస్ ప్రమాణం ప్రకారం మామూలు డీజిల్ ఫిల్టర్‌లో పట్టేసే ఉష్ణోగ్రత చలికాలంలో 6 డిగ్రీలు, వేసవిలో 18 డిగ్రీలు మించకూడదు. అంటే సున్నా కిందకి దిగితే దానికి పూచీ లేదు. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం తెచ్చిన వింటర్ డీజిల్ మైనస్ 33 దాకా పారుతుంది.

60 లీటర్ల ట్యాంకులో 30 లీటర్లు మన డీజిల్ ఉండగా పైన వింటర్ డీజిల్ పోస్తే, ఆ మైనస్ 33 మీకు దక్కదు. మన డీజిల్‌లో ఉండి చలికి గట్టిపడే మైనం అంతా అందులోనే ఉంటుంది. అందుకే చలి ప్రాంతం మొదలయ్యే బంకుకు ఏడెనిమిది లీటర్లతో చేరేలా లెక్క వేసుకుని, అక్కడ ఫుల్ చేయించండి. వెంటనే బండి ఆపేయకుండా పది పదిహేను కిలోమీటర్లు నడపండి. ఫిల్టర్‌లో, పైపుల్లో నిలిచిన పాత డీజిల్ పోయి కొత్తది రావాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. అయితే వింటర్ డీజిల్ అన్ని బంకుల్లో ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అది దొరకనప్పుడు డబ్బాయే దిక్కు. కాకపోతే అది గడ్డకట్టిన మైనాన్ని కరిగించదు. మైనం పలుకులు పెద్దవై ఫిల్టర్‌ను మూసేయకుండా చిన్నవిగా ఉంచుతుంది, అంతే. కాబట్టి డీజిల్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే, కొండ ఎక్కకముందే, లేబుల్ మీది మోతాదులో ముందు మందు పోసి దానిపైన డీజిల్ కొట్టించాలి. తెల్లారి బండి కదలనప్పుడు పోస్తే దండగ.

కిరోసిన్ కలపడం పాత లారీల నాటి చిట్కా. కామన్ రైల్ పంపుకు కావలసిన జిడ్డు దానిలో చాలదు, సల్ఫర్ ఎక్కువ కాబట్టి బీఎస్-6 బండ్ల పొగ శుద్ధి యంత్రాలూ పాడవుతాయి. పెట్రోలు ఊసే వద్దు.

స్టార్టర్ బద్ధకంగా తిరిగితే అది బ్యాటరీ గొడవ. చురుగ్గా తిరిగి, ఇంజన్ అందుకుని, నిమిషంలో ఆగిపోతే, ఫిల్టర్ విప్పితే తెల్లటి జిగురు కనబడితే డీజిల్ గడ్డకట్టినట్టే. స్టార్టర్ కొడుతూ పోకండి. ఫిల్టర్ చుట్టూ వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టండి, లేదా కొత్త ఫిల్టర్ వేయండి. ట్యాంకు కింద మంట మాత్రం పెట్టొద్దు. బయల్దేరే ముందే ఫిల్టర్‌లోని నీళ్లు వదిలించుకోండి, సున్నా దగ్గర అవీ గడ్డకడతాయి.