ఈఆర్‌పీకి ముందు పెట్టిన రిక్వైర్‌మెంట్ వర్క్‌షాప్‌లు: రెండేళ్లు వాడాక నా రివ్యూ

మాది పురుగుమందుల కంపెనీ, నేను అకౌంట్స్ సైడ్. ఆర్డర్లు, స్టాక్, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే ముందు కన్సల్టెంట్లు అన్ని డిపార్ట్‌మెంట్ల హెడ్‌లతో వర్క్‌షాప్‌లు పెట్టారు, వాటిలో అసలు విలువైనది నా దృష్టిలో డీలర్‌కి ఎంత బాకీ దాకా సరుకివ్వాలనే క్రెడిట్ లిమిట్ మీద సేల్స్, ఫైనాన్స్ కలిసి కూర్చున్న సెషనే.

ముందు ఎవరితో వాళ్లతో విడిగా మాట్లాడారు. సేల్స్ హెడ్ గారేమో ఖరీఫ్‌లో ఆర్డర్ ఆపితే డీలర్ పక్క కంపెనీకి పోతాడండీ, బ్లాకే వద్దు అన్నారు. మా ఫైనాన్స్ హెడ్ గారు లిమిట్ దాటితే ఆర్డర్ ఎంట్రీయే అవ్వకూడదు అన్నారు. జాయింట్ సెషన్‌లో కన్సల్టెంట్ ఈ వాదన జోలికే పోకుండా, నిజంగా గొడవైన ఒక ఆర్డర్ తీసి బోర్డు మీద వేయమన్నాడు.

డీలర్ లిమిట్ 20 లక్షలు, బాకీ 14, ఇంకా పంపని పాత ఆర్డర్ 4, కొత్త ఆర్డర్ 5, చేతిలో 6 లక్షల పోస్ట్ డేటెడ్ చెక్కు. మా లెక్కలో 23. సేల్స్ వాళ్లు చెక్కు తీసేసి, పంపని ఆర్డర్ కలపకుండా 13 అంటున్నారు! ఇన్నాళ్లూ రూల్ మీద కొట్టుకుంటున్నాం అనుకున్నాం గానీ ఇద్దరి లెక్కే వేరు, అది తెలిశాక గది వేడి సగం తగ్గింది.

చివరికి తేలిందేంటంటే, చెక్కు బ్యాంకులో పాస్ అయ్యేదాకా బాకీ తగ్గదు, ఇది మా మాట. డెలివరీ డేట్ 15 రోజుల్లోపు ఉన్న ఆర్డర్లే లెక్కలోకి వస్తాయి, ఇది వాళ్ల మాట. ఆ 4 లక్షల ఆర్డర్ వచ్చే నెలది కాబట్టి 14కి 5 కలిపి 19, సరుకు కదిలింది. ఆర్డర్ ఎంట్రీ ఎప్పుడూ ఓపెన్, బ్లాక్ మాత్రం డిస్పాచ్ దగ్గర, అక్కడ మళ్లీ చెక్ అవుతుంది. దాన్ని ఎవరు రిలీజ్ చేయాలో కూడా అదే రోజు రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించారు, ఇప్పటికీ తగువొస్తే ఆ కాగితమే తీస్తాం.

లోపాలూ ఉన్నాయి. గోడౌన్ ఇన్‌ఛార్జ్‌ని ఆ సెషన్‌కి పిలవలేదు. బ్లాక్ పడేది డెలివరీ ఎంట్రీ దగ్గర, మా దగ్గర లారీ లోడ్ అయ్యాకే ఆ ఎంట్రీ కొడతారు, దాంతో మొదటి సీజన్‌లో లోడైన లారీలు గేటు దగ్గర ఆగిపోయాయి, తర్వాత బ్లాక్‌ని గోడౌన్‌లో సరుకు తీయడానికిచ్చే పికింగ్ లిస్ట్ కంటే ముందుకి జరిపారు. ఇంకోటి, లెక్కలోకి రాకుండా ఉండాలని కొందరు డెలివరీ డేట్ దూరంగా వేసి ఆర్డర్ కొట్టి, స్టాక్ రిజర్వ్ చేసుకుని తర్వాత డేట్ దగ్గరికి లాక్కునేవాళ్లు, అవసరమైన వేరే డీలర్‌కి సరుకు దొరికేది కాదు. ఇప్పుడు డేట్ మార్చిన ఆర్డర్ల రిపోర్ట్ ప్రతి సోమవారం సేల్స్ హెడ్ గారికే వెళ్తోంది.

5కి 4 ఇస్తాను. మీ దగ్గర పెడుతుంటే గొడవైన ఆర్డర్ల కాగితాలు పట్టుకెళ్లండి, గోడౌన్ మనిషిని తప్పకుండా కూర్చోబెట్టండి.