అర్ధరాత్రి శంషాబాద్‌లో దిగి పాలమూరు చేరడం: ప్రీపెయిడ్, రిటన్ బండి, లాడ్జీ మీద నా మాట

2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు గల్ఫ్‌కు పోయినా, ఎవరు వచ్చినా తోలుకొచ్చే పని నాదే. నేనూ కొన్నేళ్లు మస్కట్‌లో చేశాను కాబట్టి బ్యాగు పట్టుకుని బయటికొచ్చే వాడి అయోమయం కూడా తెలుసు. గల్ఫ్ విమానాలు చాలామటుకు నడిరాత్రి దాటాకే దిగుతాయి. మహబూబ్‌నగర్ అక్కడి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. పగలైతే గంటన్నర ప్రయాణం, పెద్ద సంగతేం కాదు. రాత్రి రెండు గంటలకు మాత్రం ఎవరి బండి ఎక్కుతున్నామన్నది చాలా పెద్ద సంగతి.

ముందు టైం లెక్క చెప్తాను. పన్నెండు యాభైకి విమానం దిగితే ఇమిగ్రేషన్, సామాను బెల్టు, కస్టమ్స్ అన్నీ అయ్యి బయటికొచ్చేసరికి రెండు దగ్గర పడుతుంది. ఒకసారి గేటు దాటితే మళ్లీ లోపలికి పోనివ్వరు, సీఐఎస్‌ఎఫ్ వాళ్లు టికెట్ అడుగుతారు. అందుకని రూపాయలు తీసుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం, టాక్సీ మాట్లాడుకోవడం లోపలుండగానే అయిపోవాలి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి ఇక్కడి సిమ్ రీచార్జి లేక ఆగిపోయి ఉంటుంది. వైఫై కావాలన్నా ఓటీపీ ఆ నంబరుకే రావాలి. ఫోన్ చేతిలో ఉండి కూడా ఫోన్ లేనట్టే. దళారులు కనిపెట్టేది సరిగ్గా ఇదే. "అన్నా, ఇగో నా ఫోన్ తీస్కో, ఇంటికి మాట్లాడు" అని చేతిలో పెడతారు. మీరు మాట్లాడి ఇచ్చేసరికి మీ ఇంటి నంబరు, మీ ఊరు, మీకోసం ఎవరూ రాలేదన్న సంగతి మూడూ వాళ్లకు తెలిసిపోతాయి. మా వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఎక్కేరోజుకు ముందే ఇక్కడి సిమ్‌కు ఇంట్లోవాళ్లతో రీచార్జి చేయించుకోమని.

ప్రీపెయిడ్ కౌంటర్ గురించి. పోయే ఊరు చెప్తే ధర చెప్తారు, డబ్బు కట్టించుకుని చీటీ ఇస్తారు, అందులో బండి నంబరు ఉంటుంది. ఈ పద్ధతి బలమంతా ఆ చీటీలోనే ఉంది. డబ్బు కౌంటర్ దగ్గర ఉంటుంది, డ్రైవర్ తన భాగం చీటీ చూపించి తీసుకోవాలి. అంటే మీరు ఇల్లు చేరి చీటీ ఇచ్చేదాకా వాడికి మీతో అవసరం ఉంది. బండి ఎక్కగానే "చీటీ ఇయ్యి సార్, ఎంట్రీ చేయాలె" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఇవ్వకూడదు. నంబరు చూసుకోమని చూపించండి, మళ్లీ జేబులో పెట్టుకోండి. ఎంట్రీ అవసరమైతే కౌంటర్‌లోనే అయిపోయి ఉంటుంది.

ఈ కౌంటర్‌కూ హద్దులున్నాయి. సిటీలోపలికైతే చకచకా పని అయిపోతుంది. పాలమూరు అనగానే కౌంటర్‌లో కుర్రాడు తల గోక్కుంటాడు. రానూపోనూ లెక్క కట్టాలి, ఎందుకంటే బండి ఖాళీగా తిరిగి రావాలి. 85 కిలోమీటర్లు అంటే లెక్కలో 170. కిలోమీటరుకు 14 అనుకుంటే 2,380 రూపాయలు, పైన రాత్రి చార్జీ, టోలు. విన్నవాళ్లకు గుండె గుభేలుమంటుంది, "ఎనభై కిలోమీటర్లకు అంతనా" అని పక్కకు జరుగుతారు. దళారి నిలబడి ఉండేది ఆ పక్కనే.

వాడి మాట ఎప్పుడూ ఇదే: "పాలమూర్ రిటన్ బండి ఉన్నదన్నా, ఖాళీగ పోతున్న." ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే పనిచేస్తుంది. మన ఊళ్ల నుంచి ప్రయాణికులను దింపడానికి వచ్చిన బండ్లు నిజంగానే ఖాళీగా తిరిగిపోతుంటాయి, వాళ్లకు డీజిల్ ఖర్చు వస్తే చాలు. నేను అలాంటి బండ్లలో హాయిగా వచ్చాను కూడా. తేడా ఎట్లా తెలుస్తుంది? అసలైన రిటన్ బండి డ్రైవర్ తన బండి దగ్గర తానే ఉంటాడు. మాట్లాడేవాడొకడు, తోలేవాడొకడు అయితే మధ్యలో కమీషన్ ఉన్నట్టే. నంబరు ప్లేటు చూడండి. మహబూబ్‌నగర్ బండికి 06 ఉంటుంది, నల్గొండదైతే 05. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ, పాతవాటికి టీఎస్. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ, తెల్ల ప్లేటైతే సొంత బండి. తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పడమే నేరం, దారిలో ఏమన్నా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర గొడవ. 06 ఉంటే మంచివాడని కాదు కానీ, "పాలమూర్ బండి" అని చెప్పి 07 చూపిస్తే అక్కడే ఆగిపోవచ్చు.

మా బామ్మర్ది సంగతి చెప్తాను. షార్జా నుంచి రెండు పెట్టెలతో దిగాడు. కౌంటర్‌లో అన్నీ కలిపి 2,600 చెప్పారు. బయట ఒకాయన 1,700కు ఒప్పుకున్నాడు. టాక్సీలు ఆగేచోటుకు కాకుండా పార్కింగ్‌కు అవతల చీకట్లోకి నడిపించాడు, బండిలో అప్పటికే ఇంకొకడు కూర్చుని ఉన్నాడు, "మా తమ్ముడు, షాద్‌నగర్ దాక వస్తడు" అన్నాడు. షాద్‌నగర్ దగ్గర రాయికల్ టోలు రాగానే మొదలైంది. రానూపోనూ టోలు 300. తర్వాత పార్కింగ్ 200. జడ్చర్ల దాటాక రాత్రి బత్తా 400. మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర ఆపి, కాలనీలోకి రావాలంటే ఇంకో 300. మొత్తం 2,900 అయింది, కౌంటర్ ధర కన్నా 300 ఎక్కువ. పెట్టెలు డిక్కీలో ఉన్నాయి కాబట్టి వాదించలేదు.

ఇందులో చూడాల్సింది టోలు. శంషాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి మహబూబ్‌నగర్ పోవడానికి దారిలో రాయికల్ ఒక్కటే టోలు. ఔటర్ ఎక్కాల్సిన పనే లేదు, ఔటర్ టోలు అడిగితే అది దొంగ లెక్క. ఫాస్టాగ్ ఉన్న బండి 24 గంటల్లో అదే టోలు మీదుగా తిరిగొస్తే రెండింతలు పడదు, ఒకటిన్నర వంతే. ఈ రెండు ముక్కలు ముందే అన్నామనుకోండి, బేరం మాట్లాడేవాడి గొంతు మారిపోతుంది. "టోలు, పార్కింగ్, బత్తా, ఇంటి గుమ్మం దాకా, అన్నీ కలిపి ఎంత?" అని అడిగి, ఆ మొత్తాన్ని ఇంట్లోవాళ్లకు వాడి ముందే ఫోన్‌లో చెప్పండి, బండి నంబరుతో సహా.

యాప్ బండ్ల మీద నాకు మంచి అభిప్రాయమే, సిటీకైతే. ఊరికి బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి "క్యాన్సిల్ చెయ్యి సార్, అదే పైసలకు నేనే తీస్కపోత" అంటాడు. క్యాన్సిల్ చేసిన నిమిషం నుంచి ఆ ప్రయాణానికి ఎక్కడా రికార్డు ఉండదు. ప్లేటు నంబరు కళ్లతో చూసుకున్నాకే ఓటీపీ చెప్పాలి. ఆడవాళ్లు ఒంటరిగా వస్తుంటే 100కు గాని 112కు గాని చేసి 8 నొక్కితే టీ-సేఫ్ వస్తుంది. ప్రయాణం అయ్యేదాకా పోలీసులు గమనిస్తుంటారు, స్మార్ట్‌ఫోన్ లేకపోయినా పనిచేస్తుంది. 2024 మార్చిలో మొదలైంది. మా మరదలు వాడింది. డ్రైవర్ వినేలా ఆ ఫోన్ చేయడమే సగం పని చేస్తుందని ఆమె మాట.

అయితే దళారి కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది డ్రైవర్ నిద్ర. దళారి డబ్బు తింటాడు, అంతే. రెండు నుంచి ఐదు మధ్య హైవే మీద లారీల వెనక పోతూ కునుకు తీసే డ్రైవర్‌తో ఏం బేరం? రిటన్ బండికి ఈ లోపం పుట్టుకతోనే ఉంది. రాత్రి పదింటికి ఎవరినో దింపడానికి వచ్చినవాడు పొద్దున్నుంచి బండి మీదే ఉండి ఉంటాడు. "పొద్దుగాల ఎన్నింటికి లేచినవ్ తమ్మీ?" అని అడుగుతాను. నిజం చెప్పకపోయినా మొహం చెప్తుంది. అద్దం దించి తోలడం, పాటల సౌండు పెంచడం, ఊరకే మెడ రుద్దుకోవడం మొదలైతే షాద్‌నగర్ లోపే చాయ్‌కి ఆపించి అరగంట పడుకోమంటాను. అరగంట ఆలస్యమైందని మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

హోటల్ మాటకొస్తే, పిల్లలతో, ముసలివాళ్లతో దిగితే పొద్దున దాకా గది తీసుకోవడం మంచిదే. ఇక్కడ జనం తప్పేది తారీకు దగ్గర. విమానం 15వ తారీకు రాత్రి 12:50కి దిగుతుందంటే బుక్ చేయాల్సింది 14వ తారీకు గది. 15కు చేస్తే మీ గది ఆ మధ్యాహ్నం గాని మొదలుకాదు. రెండింటికి వెళ్లి నిలబడితే రెండోరోజు అద్దె కూడా అడుగుతారు. 14కు చేసినా సాయంత్రమే ఫోన్ చేసి, రాత్రి రెండింటికి వస్తామని చెప్పాలి. లేకపోతే రాలేదని రాసి గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆవరణలోనే నోవాటెల్ ఉంది, ఖరీదు ఎక్కువ, కానీ దళారుల మొహం చూడకుండా చేరొచ్చు. శంషాబాద్ ఊళ్లో లాడ్జీలు చవక. పేరులో "ఎయిర్‌పోర్ట్" ఉన్నంత మాత్రాన దగ్గరని కాదు, మ్యాపులో చూసుకోవాలి. ఇంకోటి, అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలను తీసుకుని వచ్చే నల్గొండ వైపు వాళ్లకు చిన్న లాడ్జీలు గది ఇవ్వవు. విదేశీ పాస్‌పోర్టుకు 24 గంటల్లో ప్రభుత్వానికి వివరాలు పంపాలి, ఆ తలనొప్పి వాళ్లకు అక్కర్లేదు. బుక్ చేసేటప్పుడే పాస్‌పోర్టు సంగతి చెప్పి అడగాలి.

ఒంటరి మగవాడు, పెట్టె ఒకటే అయితే నా ఓటు దేనికీ డబ్బు పెట్టకపోవడానికే. బయట ఎయిర్‌పోర్ట్ విలేజ్‌లో లైట్లు, చాయ్, జనం, పోలీసులు అన్నీ ఉంటాయి. పెట్టె మీద కాళ్లు పెట్టుకుని తెల్లారేదాకా కూర్చోవచ్చు. పుష్పక్ బస్సులు రాత్రంతా తిరుగుతాయి. ఆరాంఘర్ మీదుగా పోయేది ఎక్కి అక్కడ దిగితే మహబూబ్‌నగర్ ఎక్స్‌ప్రెస్‌లు దొరుకుతాయి. నల్గొండకైతే ఎల్బీనగర్ వైపు పుష్పక్, అక్కడి నుంచి చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా బస్సు. ఆడవాళ్లకు పుష్పక్‌లో టికెట్ కొనాల్సిందే, ఎక్స్‌ప్రెస్‌లో మాత్రం మహాలక్ష్మి జీరో టికెట్. దానికి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి, మా అక్క అది పెద్ద పెట్టె అడుగున పెట్టి తాళం వేసి డిక్కీలో వేయించింది, కండక్టర్ నవ్వి పైసలు తీసుకున్నాడు.