రీల్ పేలింది, ఫాలోవర్లు ఆగిపోయారు: కొత్త అకౌంటా, పాతదేనా?

ఈ ప్రశ్న నెలకు ముగ్గురు నలుగురైనా అడుగుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్ బాగా ఆడింది, పది పదిహేను రోజుల్లో వేలల్లో ఫాలోవర్లు వచ్చారు, ఆ తర్వాత అంకె మేకు కొట్టినట్టు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కొత్త అకౌంట్ తెరవాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా, రోజుకు రెండు రీల్స్ పెట్టాలా, డబ్బులు పెట్టి బూస్ట్ చేయాలా? మా అక్క వంటల పేజీకి ఇదే జరిగింది. లెక్కలు నేనే చూశాను కాబట్టి ఆ పేజీనే ముందు పెట్టుకుని చెబుతాను.

అక్కది రాజమండ్రి. పిల్లల లంచ్ బాక్సుకి వండే కూరలు తెలుగులో మాట్లాడుతూ చూపించే పేజీ, 640 మంది ఫాలోవర్లు. సంక్రాంతికి ఆత్రేయపురం వెళ్లి, బోర్లించిన వేడి కుండ మీద పిండినీళ్లలో ముంచిన గుడ్డ లాగితే కాగితంలాంటి పూతరేకు లేచి రావడం దగ్గర నుంచి తీసి పెట్టింది. అందులో ఒక్క మాట కూడా లేదు, కుండ మీద గుడ్డ తగిలినప్పుడు వచ్చే చుయ్‌మన్న శబ్దం తప్ప. అది సుమారు 14 లక్షల మందికి చేరింది, 18 రోజుల్లో ఫాలోవర్లు 9,800 అయ్యారు. తర్వాత నెల రోజులు కదలలేదు. "ఒరేయ్, దీనికి ఎవరి దిష్టో తగిలిందిరా, కొత్తది తెరిచేస్తాను" అంది.

నేను ముందు దిష్టి మాట పక్కన పెట్టి, అకౌంట్ లెక్కలన్నీ ఇన్‌స్టాగ్రామ్ చూపించే Insights తెరిచాను. మొదట కనిపించేది ఎర్రగానో మైనస్‌లోనో ఉన్న శాతం, మందిని బెదరగొట్టేదీ అదే. అది ఈ నెలని అంతకు ముందు నెలతో పోలుస్తుంది, ఆ ముందు నెల మనకి పండగ నెల. పెళ్లయిన మర్నాడు ఇంట్లో జనం తగ్గారని ఎవరూ దిగులుపడరు కదా, ఇదీ అంతే. పోల్చాల్సింది రీల్ పేలక ముందటి మామూలు నెలతో. చిక్కేమిటంటే Insights వెనక్కి వెళ్లేది 90 రోజులే, కాబట్టి నెలాఖరున ఆ అంకెలు ఏదో ఒక నోట్ పుస్తకంలో రాసిపెట్టుకోకపోతే పోల్చుకోవడానికి మామూలు నెలే మిగలదు. అక్క రాయలేదు. అదృష్టం బాగుండి మేం చూసేసరికి డిసెంబరు ఇంకా దొరికింది.

ఇప్పుడు ఫాలోవర్ల పేజీలో Follows, Unfollows అని రెండు అంకెలు విడివిడిగా ఉంటాయి. నా దృష్టిలో మొత్తం వ్యవహారం తేలేది ఇక్కడే, కానీ చాలామంది రెండింటి తేడాని మాత్రమే చూసి వెళ్లిపోతారు. అక్కకి పండగ ముందు నెలలో వచ్చినవాళ్లు 110, పోయినవాళ్లు 20. ఆగిపోయిందనుకున్న నెలలో వచ్చినవాళ్లు 340, పోయినవాళ్లు 325. తేడా 15 కాబట్టి పేజీ చచ్చిపోయినట్టు కనిపిస్తోంది, నిజానికి కొత్తగా వచ్చేవాళ్లు ముందుకంటే మూడు రెట్లయ్యారు. కుళాయి బాగానే వస్తోంది, కుండకే చిల్లు. ఈ చిల్లు కూడా ఊరికే పడలేదు, పూతరేకులు చూసి వచ్చినవాళ్లు తర్వాత దొండకాయ వేపుడు గురించి తెలుగులో మాట్లాడే మనిషి కనిపించేసరికి ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. ఫాలోవర్ల ఊళ్ల జాబితా చూస్తే అర్థమైపోయింది. ముందు రాజమండ్రి, హైదరాబాద్, విశాఖ ఉండేవి, ఇప్పుడు పైన ఢిల్లీ, ముంబై, పుణె ఉన్నాయి.

ఇదే చోట ఇంకోరకం బొమ్మ కూడా కనిపించవచ్చు. పోయేవాళ్లు తక్కువే, కానీ వచ్చేవాళ్లే పండగ ముందటి స్థాయికి పడిపోయారనుకోండి, అప్పుడు చిల్లు కాదు, కుళాయి సంగతి చూడాలి. కుళాయిలోనూ రెండున్నాయి: కొత్తవాళ్ల దాకా రీల్ చేరడం లేదా, చేరినా వాళ్లు ఫాలో కొట్టడం లేదా. ఇవి వేరువేరు జబ్బులు, వేరువేరు మందులు. చేరడం లేదంటే ముందు సెట్టింగ్స్‌లో Account Status చూడండి, మీ పోస్టులు ఫాలో కానివాళ్లకి సిఫార్సు చేయడానికి పనికొస్తాయో లేదో అక్కడే చెబుతుంది. అడ్డు ఉంటే ఏ పోస్టు వల్లో కూడా చూపిస్తుంది, దాన్ని తీసేయవచ్చు, లేదా పునఃపరిశీలన అడగవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ చెప్పకుండా మన పోస్టుల్ని తొక్కేసింది, షాడోబ్యాన్ అని నిద్ర మానుకునే ముందు ఆ ఒక్క నిమిషం పని చేయండి.

చేరినవాళ్లు ఫాలో అవుతున్నారో లేదో తెలియడానికి నేను చేసే లెక్క చాలా మోటుది. ఒక్కో రీల్ ఎంతమంది కొత్తవాళ్లకి చేరిందో చూసి (చేరినవాళ్ల సంఖ్యలో ఫాలోవర్లు కానివాళ్ల శాతం తీసుకుంటే సుమారుగా వస్తుంది, పైసలతో సహా అక్కర్లేదు), ఆ రీల్ నుంచి వచ్చిన ఫాలోలను దానితో పోల్చి, వెయ్యికి ఎంతమంది అని రాసుకుంటాను. అయిదారు వందల మందికి కూడా చేరని రీల్‌ని లెక్కలోకి తీసుకోను, అక్కడ ఇద్దరు చుట్టాలు ఫాలో కొడితే అంకె ఆకాశానికి వెళ్తుంది.

అక్క ఆ నెలలో తొమ్మిది రీల్స్ పెట్టింది. పూతరేకుల రుచి మరిగి, అయిదు స్వీట్ల మీదే, మాటల్లేకుండా, అదే ధోరణిలో. అవి 50,000 మంది కొత్తవాళ్లకి చేరి 178 ఫాలోలు తెచ్చాయి. అంటే వెయ్యికి మూడున్నర. మిగతా నాలుగూ లంచ్ బాక్సువి, 12,000 మందికే చేరాయి, తెచ్చిన ఫాలోలు 132. వెయ్యికి 11. (ఆ నెల వచ్చిన 340లో మిగిలిన ముప్పై మంది ఎక్కడో ప్రొఫైల్ చూసి వచ్చినవాళ్లు, ఏ రీల్ ఖాతాలోనూ పడరు.) పేలిన పూతరేకుల రీల్ కూడా వెయ్యికి ఆరున్నరే తెచ్చింది. అంటే వ్యూస్ తక్కువని అక్క ఏ రీల్స్ తగ్గించుకుంటూ వచ్చిందో అవే మనిషికి మనిషిని నిలబెడుతున్నాయి, వ్యూస్ బాగున్నాయని ఏవి పెంచిందో అవి చూసి వెళ్లిపోయే జనాన్ని తెస్తున్నాయి. ఈ అంకెలు చూపిస్తే అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే నేను నెలంతా బెల్లం పాకం పట్టింది దండగా?" అంది. దండగ అని నేననలేదు, స్వీట్లు ఇంట్లోవాళ్లు తిన్నారు.

ఇక అసలు పోలిక. కొత్త అకౌంట్ తెరవమనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. పాత ఫాలోవర్లలో ఎక్కువమంది మన భాష రానివాళ్లయితే, కొత్త రీల్ వాళ్లకి కనిపించినప్పుడు రెండు సెకన్లలో పైకి తోసేస్తారు. రీల్ ఎవరికి చూపించాలో తేల్చడంలో ఎంతసేపు చూశారన్నది ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు, దాంతోపాటు లైకులు, ఇంకొకరికి పంపడం, అందులోనూ కొత్తవాళ్లకి చేరాలంటే పంపడం ఎక్కువ పనిచేస్తుందని. చూడనివాళ్లు ఎనిమిది వేలమంది వెనకాల ఉండటం భారమే. కొత్త అకౌంట్‌లో ఆ భారం ఉండదు.

అయినా నా ఓటు పాతదానికే. ఒక కారణం, భారం దిగుతోంది. నెలకు 325 మంది పోతున్నారంటే అది జబ్బు కాదు, జబ్బు నయమవుతున్న గుర్తు. రెండోది, పాత ఫాలోవర్లని దాటుకుని కొత్తవాళ్లకి ముందు చూపించే ఏర్పాటు ఇప్పుడు అకౌంట్ లోపలే ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన ట్రయల్ రీల్స్ సంగతి చెబుతున్నాను. పోస్ట్ చేసే తెర మీద Trial అన్న స్విచ్ వేస్తే రీల్ ముందు ఫాలో కానివాళ్లకి వెళ్తుంది, మొదటి 72 గంటల్లో బాగా ఆడితే ఫాలోవర్లకి కూడా వెళ్లేలా పెట్టుకోవచ్చు. వెయ్యిమంది ఫాలోవర్లు ఉన్నవాళ్లకి అని అది మొదలైంది, అంటే కొత్త అకౌంట్ తెరిచినవాళ్లు ఏ లాభం కోసం తెరిచారో ఆ లాభమే పాత అకౌంట్‌లో ముందుగా దొరికింది. ఎవరైనా పంపితే పాత ఫాలోవరు కూడా దాన్ని చూడొచ్చు, పూర్తి గోడేం కాదు. మూడోది చిన్నదే కానీ అక్కకి పెద్దది: పచ్చళ్లకి ఆర్డర్లిచ్చే నలభై మంది ఆ అకౌంట్ మెసేజ్‌లలోనే ఉన్నారు.

కొత్తదే మేలు అనిపించే సందర్భాలు నాకు రెండే కనిపిస్తున్నాయి. ఫాలోవర్లని డబ్బులిచ్చి కొనుక్కుని ఉంటే, వాళ్లు తమంతట తాము పోరు కాబట్టి. లేదా విషయమే మారిపోతే, వంటల పేజీని పిల్లల లెక్కల పాఠాల పేజీ చేస్తానంటే.

బూస్ట్ గురించి ఎక్కువ చెప్పను. చిల్లు కుండలో ట్యాంకర్ నీళ్లు పోయడం అది. పైగా ట్రెండింగ్ సినిమా పాట పెట్టిన రీల్‌ని చాలాసార్లు బూస్ట్ చేయనివ్వదు కూడా. రోజుకు రెండు రీల్స్ అనేది రీల్స్ నిలబెడుతూ, చేరిక మాత్రమే తక్కువైనవాళ్లకి పనికొస్తుంది. వెయ్యికి మూడున్నర తెచ్చే రీల్‌ని రెండింతలు చేస్తే గ్యాస్ బండ త్వరగా అయిపోతుంది, అంతే.

అక్క పాత అకౌంట్‌లోనే ఉంది. లంచ్ బాక్సు రీల్స్ ఎందుకు ఎక్కువమందికి చేరడం లేదో చూద్దామని ఏ సెకను దాకా ఎంతమంది చూశారో చూపే రిటెన్షన్ గీత ఒకదానికి తెరిస్తే, మొదటి ఆరు సెకన్లలోనే సగానికి సగం కిందికి జారింది. ఆ ఆరు సెకన్లలో ఏముందంటే, చెంగు సర్దుకుంటూ "అందరికీ నమస్కారం అండీ, ఎలా ఉన్నారు, అందరూ బాగున్నారని అనుకుంటున్నాను". అది తీసేయమంటే మర్యాద కాదంది. చివరికి రాజీ కుదిరింది, ముందు నూనెలో ఆవాలు చిటపటలాడటం, "ఈ దొండకాయ వేపుడు మధ్యాహ్నం దాకా మెత్తబడదు" అన్న ఒక్క వాక్యం, నమస్కారం చివర్లో. ముందు Trial మీద మూడు పెట్టి, నిలబడిన రెండింటినీ అందరికీ వదిలింది. స్వీట్లు నెలకు ఒకటికి తగ్గాయి.

తర్వాతి నెలలో వచ్చినవాళ్లు 390, పోయినవాళ్లు 240. తేడా 150. పూతరేకుల రోజుల్లో అది గంటలో వచ్చిన అంకె, అక్క ఆ మాట ఇప్పటికీ అంటుంది. ఊళ్ల జాబితాలో హైదరాబాద్ మూడో చోటికి వచ్చింది, రాజమండ్రి ఇంకా కనిపించడం లేదు.