బుధుడు అస్తంగతుడని పచ్చ కొనమంటున్నారా? ముందు స్ఫుటాలు అడగండి

జాతకంలో బుధుడు అస్తంగతుడయ్యాడని, అంటే రవికి మరీ దగ్గరై బలం పోగొట్టుకున్నాడని చెప్పి ఎవరైనా మీకు బుధుడి రత్నమైన పచ్చ రాయి అమ్మబోతే, డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి. మేం 48 వేలు పోగొట్టుకున్నాం.

మా అమ్మాయి డిగ్రీలో రెండు సబ్జెక్టులు తప్పింది. ఆ టెన్షన్‌లో ఒక జ్యోతిష్కుడి దగ్గరికి వెళ్లాం. ఆయన రాశి చక్రం చూసి, రవి, బుధుడు మిథునంలో ఒకే గడిలో ఉన్నారని, చదువుకు కారకుడైన బుధుడు రవి వేడికి కాలిపోయాడని చెప్పారు. పచ్చ కూడా ఆయన దగ్గరే కొన్నాం.

వారం తర్వాత మా మేనమామ పాత జాతకం తీసి గ్రహ స్ఫుటాలు, అంటే ఏ గ్రహం ఏ రాశిలో ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో చూశారు. రవి మిథునంలో 1వ డిగ్రీ దగ్గర ఉన్నాడు, బుధుడు 25వ డిగ్రీ దగ్గర. మధ్యలో 24 డిగ్రీల దూరం ఉంది. బుధుడు మామూలు గతిలో ఉంటే 14 డిగ్రీల లోపు, వక్రించి, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంటే 12 డిగ్రీల లోపు వస్తేనే అస్తంగతుడని లెక్క. అస్తంగతమంటే సూర్యకాంతిలో మునిగి కంటికి కనపడకపోవడమే. మా అమ్మాయి జూన్ 17న రాత్రి 2 గంటలకు పుట్టింది. మబ్బు లేకపోతే ఆ ముందు సాయంత్రం పడమటి దిక్కున బుధుడు కనిపించేవాడే!

ఇక్కడే చాలామంది మోసపోతారు. బుధుడు ఎప్పుడూ రవికి 28 డిగ్రీలకు మించి దూరం పోడు కాబట్టి ఇద్దరూ ఒకే రాశిలో ఉన్న జాతకాలు కొల్లలు. గడిని బట్టి చెప్పేస్తే వాళ్లందరికీ రాళ్లు అమ్మొచ్చు. రవి కర్కాటకంలో 1వ డిగ్రీలో, బుధుడు మిథునంలో 27వ డిగ్రీలో ఉంటే రాశులు వేరైనా దూరం నాలుగే డిగ్రీలు. అది నిజమైన అస్తంగతం, గడి చూస్తే తెలియదు.

దోషం నిజంగా ఉన్నా అందరికీ ఒకే బరువు కాదన్నారు మా మామయ్య. 13 డిగ్రీల దూరంలో ఉన్నవాడూ, రెండు డిగ్రీల్లో చిక్కుకున్నవాడూ ఒకటి కాదు. మిథునం బుధుడికి సొంత ఇల్లు, అక్కడ ఉంటే బలం పూర్తిగా పోదని చాలామంది జ్యోతిష్కులు అంటారు. లగ్నం కూడా చూడాలి. మా అమ్మాయిది మేష లగ్నం, బుధుడు మూడు, ఆరు స్థానాలకు అధిపతి. ఆరో ఇల్లు అప్పులకు, రోగాలకు చెప్పేది. అలాంటి అధిపతికి రత్నంతో బలం పెంచడం చాలామంది ఒప్పుకోరు. మాకు ఆ మాటే చెప్పలేదు.

మీరు వెళ్తే రవి, ఆ గ్రహం స్ఫుటాలు, మధ్య దూరం, వక్రమా కాదా కాగితం మీద రాసివ్వమని అడగండి. రాయకపోతే లేచి వచ్చేయండి.

మేం రాయి తిరిగి తీసుకెళ్తే, పూజ చేసి ధరించింది వెనక్కి తీసుకోనన్నారు. బిల్లు చూస్తే బరువు కూడా రాసి లేదు, ‘రత్నం - 1’ అని మాత్రమే ఉంది.